బయానా ఎవరివ్వాలి? పాత సామాన్ల అమ్మకంలో అడ్వాన్సు మాయలు, దొంగ పికప్‌లు

పాత సామాను అమ్మే ప్రతి బేరంలో రెండు కదలికలుంటాయి. సామాను అమ్మేవారి దగ్గర్నుంచి కొనేవారికి పోతుంది, డబ్బు కొనేవారి దగ్గర్నుంచి అమ్మేవారికి వస్తుంది. అంగట్లో ఎడ్లు కొన్నా, పక్క ఊళ్లో పాత ట్రాక్టరు కొన్నా తెలంగాణ పల్లెల్లో ఇదే లెక్క. బేరం కుదరగానే కొనేవారు కొంత బయానా ఇస్తారు, మిగతాది ముట్టజెప్పి సామాను తోలుకుపోతారు. అమ్మేవారు బయానా ఇచ్చిన బేరం ఎక్కడా లేదు. ఫోన్ల మీద నడుస్తున్న పాత సామాన్ల వ్యాపారంలో మోసాలు పైకి ఎన్ని రకాలుగా కనిపించినా వాటి పని రెండే: డబ్బును అమ్మేవారి దగ్గర్నుంచి ఎదురు నడిపించడం, లేదంటే డబ్బు చేరకముందే సామాను కదిలించడం.

మూడు జిల్లాల్లో అమ్మకం తీరు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాలు. కొత్త కలెక్టరేట్లతో పాటు బదిలీల మీద వచ్చిపోయే ఉద్యోగులు, కిరాయి ఇళ్లు పెరిగాయి. భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. క్వార్టరు ఖాళీ చేసే కుటుంబం వాషింగ్ మెషీన్, మంచాలు, కూలర్ వెంట తీసుకుపోవడం కంటే అమ్ముకోవడానికే చూస్తుంది. జనగామ వరంగల్ హైవే మీద, సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గంలో ఉంది కాబట్టి అక్కడి అమ్మకందారుకు హైదరాబాద్‌లోనూ కొనేవారు దొరుకుతారు. మహబూబాబాద్‌ది కాజీపేట–విజయవాడ మార్గం. భూపాలపల్లికి రైలు లేదు, సామాను రోడ్డు మీదే పోవాలి.

అమ్మకం ప్రకటన సాధారణంగా ఓఎల్ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో, ఊరి వాట్సాప్ గ్రూపులోనో పడుతుంది. పక్క వీధివారు కొంటే చూసుకుని, డబ్బిచ్చి, ఆటోలో వేసుకుపోతారు. దూరం నుంచి బేరం వస్తే పార్సిల్ పంపాలి. దానికి పోస్టాఫీసు స్పీడ్ పోస్ట్, ప్రైవేటు కొరియర్లు, 2020 జూన్‌లో మొదలైన ఆర్టీసీ కార్గో, పెద్ద సామానుకు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం కౌంటర్ పద్ధతిలో నడుస్తాయి. అమ్మేవారే సామాను తీసుకుపోయి, తూకం వేయించి, రశీదు తీసుకోవాలి. ఈ ఊళ్లలో ఇంటికొచ్చి పెద్ద సామాను ఎత్తుకుపోయే పికప్ నగరంలో ఉన్నంత మామూలు సంగతి కాదు. దొంగ పికప్ కథ సరిగ్గా ఈ సందులోంచే లోపలికి వస్తుంది. కొరియర్ మనిషి ఇంటికొచ్చే తీరు ఎలా ఉంటుందో అమ్మేవారు ఎప్పుడూ చూసి ఉండరు కాబట్టి, ఎదుటివారు ఏ నియమం చెప్పినా నిజమే కాబోలు అనిపిస్తుంది.

నిజమైన బేరం ఎలా నడుస్తుంది

మోసాన్ని పట్టుకోవాలంటే నిజమైన బేరం నడక ముందు తెలియాలి. మహబూబాబాద్ నుంచి ఒక పాత ల్యాప్‌టాప్‌ను 14,000 రూపాయలకు హైదరాబాద్ మనిషి కొంటున్నాడనుకుందాం. అతడు మొదట అడిగేవి సామాను గురించిన ప్రశ్నలే. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఛార్జర్ కంపెనీదేనా, కీబోర్డులో ఏ మీటైనా నొక్కుకుపోయిందా, బిల్లు ఉందా అని అడుగుతాడు. తర్వాత వీడియో కాల్‌లో ఆన్ చేసి చూపించమంటాడు. అన్నీ చూశాక 12,000కు ఇస్తారా అంటాడు. ఈ బేరమాడటమే మంచి గుర్తు. తన జేబులోంచి డబ్బు పోయేవాడు రూపాయి తగ్గించుకోవడానికే చూస్తాడు.

13,000 దగ్గర కుదిరితే, సామాను వేరొకరికి ఇవ్వకుండా ఉంచేందుకు వెయ్యి రూపాయలు యూపీఐలో పంపుతాడు. అదే బయానా. అమ్మేవారు ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో తీసి, ప్యాక్ చేసి, మిగతా 12,000 తమ ఖాతాలో పడ్డాక కౌంటర్‌కు తీసుకెళ్తారు. అంత డబ్బు ముందే పంపడానికి కొనేవారికి జంకు ఉండటం సహజం. అప్పుడు ప్యాకింగ్‌ను, కౌంటర్ దగ్గర తూకాన్ని వీడియో కాల్‌లో చూపించి, అక్కడే డబ్బు వేయించుకుని, పార్సిల్ అప్పగించి, రశీదు ఫొటో పంపడం ఇద్దరికీ ఒప్పుదలైన పద్ధతి.

ఈ మొత్తం నడకలో అమ్మేవారి చేతి నుంచి డబ్బు పోయే చోటు ఒక్కటే, పార్సిల్ ఖర్చు. అదీ వారు భరించేలా మాట అయితేనే. ఆ డబ్బు కౌంటర్‌లో కట్టాలి, కట్టగానే రశీదు వస్తుంది. కొనేవారి ఫోనుకో, కొనేవారు చెప్పిన నంబరుకో అమ్మేవారు డబ్బు పంపాల్సిన ఘట్టం మొదటి నుంచి చివరి వరకు ఎక్కడా లేదు.

ఎదురు నడక: ఒక వాషింగ్ మెషీన్ కథ

ఇప్పుడు దొంగ బేరం చూడాలి. ఈ తరహా కేసుల్లో తరచూ కనిపించే అంశాలను ఒకచోట చేర్చిన ఉదాహరణ ఇది. భూపాలపల్లిలో ఒక కుటుంబం వాషింగ్ మెషీన్‌ను 8,500కు అమ్మకానికి పెట్టింది. ప్రకటన పడిన పావుగంటలో ఫోను వచ్చింది. అవతలి మనిషి తాను ఆర్మీలో జవాన్‌నని, సికింద్రాబాద్ నుంచి వరంగల్ వైపు పోస్టింగ్ పడిందని చెప్పాడు. వాట్సాప్ ఫొటోలో యూనిఫాం ఉంది. అడగకముందే ఐడీ కార్డు, ఆధార్, క్యాంటీన్ కార్డు ఫొటోలు పంపాడు. ధర తగ్గించమనలేదు. పైనుంచి బట్టలు వేసేదా, ముందు నుంచి వేసేదా అని కూడా అడగలేదు. “మా ఆర్మీ కొరియర్ బండి రేపు పొద్దున వచ్చి తీసుకుపోతుంది సార్, డబ్బు మాత్రం ఇప్పుడే వేస్తా” అన్నాడు.

తర్వాత అసలు మాట వచ్చింది. “మా అకౌంట్ పద్ధతి వేరు సార్. ముందు మీరు ఐదు రూపాయలు వేయండి, మీకు పది తిరిగి వస్తుంది. అప్పుడు మీ ఖాతా మా దగ్గర నమోదైనట్టు.” ఒక క్యూఆర్ కోడ్ పంపాడు. ఇంటాయన స్కాన్ చేసి ఐదు రూపాయలు వేశాడు. నిమిషంలో పది వచ్చింది. ఈ పది రూపాయలే మోసగాడి పెట్టుబడి. ఎదురు నడక కూడా మామూలేనన్న నమ్మకాన్ని అతడు వాటితో కొనుక్కున్నాడు.

వెంటనే 4,250 రూపాయల కోడ్ వచ్చింది. ఇదీ రెట్టింపై 8,500గా తిరిగి వస్తుందన్నాడు. ఇంటాయన పిన్ కొట్టాడు, 4,250 పోయింది, తిరిగి ఏమీ రాలేదు. “సర్వర్ ఆగింది సార్, ఎంట్రీ సగంలో ఉంది. ఇంకో 8,500 వేస్తే మొత్తం 25,500 ఒకేసారి పడుతుంది” అన్నాడు. పోయింది రాబట్టుకోవాలన్న ఆత్రంలో అదీ వేశాడు. ఐదు, 4,250, 8,500 పోయాయి, పది వచ్చింది. నికరంగా పోయినవి 12,745 రూపాయలు. వాషింగ్ మెషీన్ మాత్రం ఇంట్లోనే ఉంది. మోసగాడికి కావాల్సింది అది కాదు. అందుకే దాని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

యూపీఐలో ఈ కథకు పునాది ఏదీ లేదు. సొమ్ము అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయడమూ అక్కర్లేదు. పిన్ కొట్టేది డబ్బు పంపేటప్పుడు, మన ఖాతాలో నిల్వ చూసుకునేటప్పుడు. ఈ రెండో వాడకాన్ని అడ్డం పెట్టుకుని “నిల్వ చూడటానికే సార్, పిన్ కొట్టండి” అనే మోసగాళ్లున్నారు. కాబట్టి పిన్ కొట్టే ముందు తెరపై మొత్తం, ఎవరికి పోతోందో ఆ పేరు ఉన్నాయేమో చూడాలి. ఉంటే అది చెల్లింపే.

ఒకప్పుడు ఇదే పనికి డబ్బు అడిగే రిక్వెస్టులు పంపేవారు. వ్యక్తుల మధ్య అలాంటి కలెక్ట్ రిక్వెస్టులను ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపించింది. ఆ తలుపు మూసుకున్నా క్యూఆర్ కోడ్, లింకు, ఫీజు అనే దారులు తెరిచే ఉన్నాయి.

“డబ్బు మధ్యలో ఇరుక్కుంది” అనే మాటకూ జవాబు నియమాల్లోనే ఉంది. పంపినవారి ఖాతాలో డబ్బు తెగి, అందాల్సినవారికి చేరకపోతే, ఆ మొత్తం మరుసటి రోజుకల్లా పంపినవారికే తిరిగి జమ కావాలని రిజర్వు బ్యాంకు 2019లో గడువు పెట్టింది. ఇరుక్కున్న సొమ్మును విడిపించడానికి అందుకునేవారు ఇంకొంత కట్టాలనే పద్ధతి ఏ బ్యాంకులోనూ లేదు.

దొంగ పికప్ రూపాలు

మొదటి రూపం ఫీజు. కొనేవారు కొరియర్ బుక్ చేశానంటారు. కాసేపటికి వేరే నంబరు నుంచి “పికప్ ఏజెంట్” ఫోను చేస్తాడు. కొనేవారు ఇచ్చిన నగదు కవరు తన దగ్గరే ఉందని, సామాను తీసుకునేటప్పుడు ఇస్తానని, అయితే ఇన్సూరెన్సు కోసమో గేట్ పాస్ కోసమో ఇంత కట్టాలని, అది కవరులోనే తిరిగి వస్తుందని చెబుతాడు. తిరిగి వచ్చే ఫీజు అనగానే ఆగిపోవాలి. కొరియర్ సంస్థ ఖర్చు బుక్ చేసినవారి నుంచి వసూలు చేస్తుంది. క్యాష్ ఆన్ డెలివరీలో కూడా డబ్బు కట్టేది పార్సిల్ అందుకునేవారు, పంపేవారు కాదు. కొనేవారి నగదును కవరులో పెట్టుకుని అమ్మేవారి ఇంటికి తెచ్చే కొరియర్ సేవ లేదు.

దీన్ని తేల్చుకోవడానికి సులువైన ప్రశ్న పిన్‌కోడ్. నిజంగా పికప్ బుక్ చేయాలంటే కొనేవారు ముందు అడగాల్సింది అదే, ఎందుకంటే ఆ పిన్‌కోడ్‌కు సేవ ఉందో లేదో చూడకుండా ఏ సంస్థా బుకింగ్ తీసుకోదు. జనగామ 506167, మహబూబాబాద్ 506101, భూపాలపల్లి 506169. పూర్తి చిరునామా, పిన్‌కోడ్, సామాను బరువు అడగకుండానే “బండి బయలుదేరింది” అన్నవారు ఏదీ బుక్ చేయలేదని అర్థం.

ట్రాకింగ్ నంబరు రెండో పరీక్ష. స్పీడ్ పోస్ట్ నంబరులో మొత్తం 13 స్థానాలుంటాయి. ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర IN. ఏ సంస్థదైనా నంబరును అవతలివారు పంపిన లింకులో నొక్కి చూడకూడదు. ఆ సంస్థ సొంత వెబ్‌సైటులో చేత్తో టైపు చేసి చూడాలి. ఇంటర్నెట్‌లో వెతికితే పైన కనిపించే “కస్టమర్ కేర్” నంబరు కూడా దొంగదై ఉండొచ్చు. ఊళ్లో ఉన్న కొరియర్ ఆఫీసుకు వెళ్లి అడగడం ఈ చిన్న పట్టణాల్లో పది నిమిషాల పని. నగరవాసికి లేని వెసులుబాటు ఇది.

రెండో రూపంలో డబ్బు అడగరు. “డెలివరీ బాయ్‌కు మీ ఫోను కలవడం లేదు, ఈ నంబరు డయల్ చేయండి” అంటూ 21తోనో 401తోనో మొదలయ్యే ఒక కోడ్, దాని వెనక పది అంకెల నంబరు చెబుతారు. అది కాల్ ఫార్వర్డింగ్. డయల్ చేస్తే ఆ ఫోనుకు వచ్చే కాల్స్ మోసగాడికి పోతాయి, ఫోను కాల్ ద్వారా చెప్పే ఓటీపీలూ అతడికే చేరతాయి, వాట్సాప్ ఖాతా చేజారుతుంది. పొరపాటున డయల్ చేసినవారికి ఫార్వర్డింగ్ అన్నింటినీ రద్దు చేసే కోడ్ ఇది:

```
##002#
```

పికప్ రద్దు కాకుండా ఉండాలంటే ఐదు రూపాయలు కట్టమనే లింకు, “కొరియర్ యాప్” పేరుతో వాట్సాప్‌లో వచ్చే .apk ఫైలు, తెర చూపించమంటూ వేయించే AnyDesk లాంటి యాప్ ఇదే కోవలోవి. అక్కడ పోయేది ఐదు రూపాయలు కాదు, ఫోను మీద పట్టు.

మూడో రూపంలో పికప్ నిజమే, చెల్లింపే దొంగది. కొనేవారు డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ పెట్టి, “మా మనిషి మీ వాకిట్లో ఉన్నాడు, సామాను ఇచ్చేయండి” అని తొందర పెడతారు. వచ్చిన ఆటో డ్రైవరుకు ఏ పాపమూ తెలియదు, కిరాయికి వచ్చాడంతే. స్క్రీన్‌షాట్ తయారు చేయడం చాలా తేలిక. చెల్లింపు అయినట్టు చూపే నకిలీ యాప్‌లు కూడా ఉన్నాయి. దొంగ ఎస్ఎంఎస్ మాత్రం పంపిన తీరులో దొరికిపోతుంది. బ్యాంకు సందేశం పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు. అక్షరాల పేరుతో వస్తుంది, 2025 నుంచి ఆ పేరు చివర -S, -T వంటి గుర్తు కూడా ఉంటోంది. ఈ దొంగ సందేశంతోనే ఇంకో ఆట ఆడతారు. రెండు వేలకు బదులు ఇరవై వేలు పడ్డట్టు సందేశం పంపి, “తప్పు కొట్టాను, మిగతా పద్దెనిమిది వేలు తిప్పి పంపండి” అంటారు. దేనికైనా తీర్పు ఒక్కటే. అమ్మేవారు తమ బ్యాంకు యాప్ తామే తెరిచి, ఖాతా వివరాల్లో ఆ మొత్తం, దాని 12 అంకెల లావాదేవీ నంబరు కనిపించాకే డబ్బు వచ్చినట్టు లెక్కించాలి.

డబ్బు నిజంగా పడ్డా చూడాల్సింది ఇంకొకటి ఉంది. పంపినవారి పేరూ కొనేవారి పేరూ ఒకటేనా? మోసగాడు మరెక్కడో ఇంకొకరిని మోసం చేసి, ఆ సొమ్మును నేరుగా అమ్మేవారి ఖాతాలో వేయించి, సామాను తీసుకుపోయే పద్ధతి ఉంది. సొమ్ము పోగొట్టుకున్నవారు ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు చేరిన ఖాతాలో అంత మొత్తం నిలిపేస్తారు. ఏ తప్పూ చేయని అమ్మకందారు వారాల తరబడి బ్యాంకు, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. పేరు కలవకపోతే ఎవరు పంపారో అడగాలి. జవాబుకు పొంతన లేకపోతే సామాను ఆపాలి. ఆ బేరంలో జరిగిన సంభాషణ, రశీదు, కొనేవారి చిరునామా దాచుకున్నవారికి తమ నిజాయితీ చూపించుకోవడం తేలికవుతుంది.

ఏ గుర్తుకు ఎంత బలం

గుర్తులన్నింటికీ ఒకే బరువు ఉండదు. బయటి రాష్ట్రం నంబరు, హిందీ మాట, ఆర్మీ ఉద్యోగం అన్నవి బలహీనమైన గుర్తులు. ఇలాంటి ముఠాలు చాలాసార్లు రాజస్థాన్‌లోని భరత్‌పూర్, అల్వర్, హరియాణాలోని మేవాత్ ప్రాంతాల్లో పట్టుబడ్డ మాట నిజం. కానీ గనుల దగ్గర, విద్యుత్ కేంద్రం దగ్గర పనిచేసే హిందీవారు కూడా పాత సామాను కొంటారు, నిజమైన జవాన్లూ కొంటారు. ఐడీ కార్డు ఫొటో ఇటు నమ్మడానికీ, అటు అనుమానించడానికీ పనికిరాదు. అది ఇంకొకరిది కావచ్చు, అంతకుముందు మోసపోయిన మనిషి పంపిందే కావచ్చు.

సామాను గురించి అడగకపోవడం, బేరమాడకపోవడం, తొందర పెట్టడం మధ్యస్థమైన గుర్తులు. మంచి ధర చూసి ఆశపడ్డ అసలు కొనుగోలుదారు కూడా అప్పుడప్పుడు ఇలా చేస్తాడు. వీటిని చూసి జాగ్రత్త పడాలి కానీ బేరం తెంచుకోనక్కర్లేదు. ఒక చిన్న పరీక్ష సరిపోతుంది: “వరంగల్‌లో మీకు తెలిసినవారిని పంపి చూపించుకోండి, డబ్బు ఇక్కడే ఇచ్చి తీసుకుపోండి” అనాలి. అసలు కొనేవారికి ఇది నయమైన మాట. మోసగాడికి దానితో పని లేదు, మళ్లీ క్యూఆర్ కోడ్ దగ్గరికే వస్తాడు.

డబ్బు దిశ మారడం మాత్రం తిరుగులేని గుర్తు. ఐదు రూపాయలైనా, తిరిగి వస్తుందన్నా, ఏ పేరు పెట్టినా సరే, కొనేవారివైపు నుంచి “మీరు ముందు వేయండి” అన్న మాట వచ్చిందంటే అది బేరం కాదు. అక్కడ ఇంక ఆలోచించాల్సింది ఏమీ లేదు.

డబ్బు పోయాక

పిన్ కొట్టి పంపిన డబ్బును పంపినవారు తమంతట తాము వెనక్కి తీసుకోలేరు. తమ చేత్తో పిన్ కొట్టారు కాబట్టి బ్యాంకు బాధ్యత తీసుకోవడమూ అరుదు. చేయగలిగిందల్లా ఆ డబ్బు ఖాతాలు దాటి నగదుగా మారకముందే ఆపించడం. 1930 నంబరు అందుకే ఉంది. ఫోను చేస్తే మొత్తం, సమయం, లావాదేవీ నంబరు, తమ బ్యాంకు పేరు అడుగుతారు. డబ్బు చేరిన ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే అక్కడే నిలిపేయిస్తారు. ఇది గంటలతో పందెం. మోసగాడితో ఇంకా వాదిస్తూ, తిప్పి పంపుతాడేమోనని చూస్తూ గడిపిన ప్రతి గంటా అతడికే లాభం. ఫిర్యాదును cybercrime.gov.in లోనూ నమోదు చేయొచ్చు, దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వొచ్చు. మోసం భారతీయ న్యాయ సంహిత 318 కింద, వేరొకరిలా నటించడం 319 కింద, కంప్యూటర్ సాధనంతో అలా మోసగించడం ఐటీ చట్టం 66డి కింద నేరాలు. నిలిపేసిన సొమ్మును లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిప్పి ఇప్పించే పద్ధతి తెలంగాణలో నడుస్తోంది. అయితే నిలిచిన సొమ్మే తిరిగి వస్తుంది. చేతులు దాటిపోయింది రాదు.

అందుకే అసలు కాపలా ముందే ఉండాలి. పాత సామాను అమ్మేవారు గుర్తుంచుకోవాల్సింది పెద్దల కాలం నాటి లెక్కే: బయానా కొనేవారే ఇవ్వాలి, డబ్బు సొంత ఖాతాలో కనిపించాకే సామాను గడప దాటాలి.